9,400 పదాల పేపర్‌ని 6,000కి దించాలి, ఇంటర్వ్యూల్లో ఏది వదలాలి?

మాది పర్లాకిమిడి. ఒడియా బడికి వెళ్లే తెలుగు పిల్లలు ఇంట్లో ఏ భాష ఎవరితో మాట్లాడతారన్నదే నా పేపర్. పత్రిక పరిమితి 6,000 పదాలు. టేబుళ్లు, ఫుట్‌నోట్లు కూడా అందులోనేనట!

పాత పరిశోధనల సమీక్షను సగం చేశాను. టేబుల్లో ఉన్న అంకెల్నే మళ్లీ చెప్పే పేరాలు తీసేశాను. ఇళ్లను ఎలా ఎంచుకున్నానో చెప్పే భాగాన్ని మాత్రం ముట్టుకోలేదు, రివ్యూయర్లు మొదట అడిగేది అదే కదా.

చిక్కంతా ఇంటర్వ్యూలతోనే. ‘తోబుట్టువులతో ఒడియా, నాయనమ్మతో తెలుగు’ అన్న ఒక్క అంశానికే నాలుగు కొటేషన్లున్నాయి. ఎన్ని ఇళ్లలో ఇలా ఉందో ఒక వాక్యంలో చెప్పి, ఒక్క కొటేషన్ ఉంచుతాను. దీనికి ఎదురు నడిచే ఇల్లు కూడా ఒకటుంది. దాన్ని తీస్తే 140 పదాలు కలిసొస్తాయి గానీ, అనుకూలమైనవే ఏరుకున్నట్టు ఉంటుంది.

ఇంకొకటి. ప్రతి కొటేషన్‌కీ మూలం, ఇంగ్లీషు అనువాదం రెండూ లెక్కలోకొస్తున్నాయి. మూలాన్ని సప్లిమెంటరీ ఫైల్లో పెట్టొచ్చా? వాక్యం మధ్యలో భాష ఎక్కడ మారిందో అనువాదంలో కనిపించదు, నా సాక్ష్యమే అది. అలాంటి చోట్ల మీరేం చేశారు?