మధ్యలో అమ్మేసే ఆప్షన్ విలువ సున్నా వస్తోంది, ఎక్కడ తప్పు?

సీఎంఏ_ఫైనల్: పొద్దున్నుంచి ఈ ఒక్క డెసిషన్ ట్రీ లెక్కతోనే కుస్తీ, తల వేడెక్కిపోయింది. మిర్చి కోల్డ్ స్టోరేజీ ప్రాజెక్టు, పెట్టుబడి 200 లక్షలు. గిరాకీ బాగుంటే విలువ 240, లేకపోతే 90. రెండింటికీ సగం సగం అవకాశం. వద్దనుకుంటే 140కి అమ్మేయొచ్చు. రేటు 12 శాతం. ఆప్షన్ పెట్టినా, తీసేసినా ఎన్‌పీవీ మైనస్ 21.43 దగ్గరే ఆగిపోతోంది. జవాబుల కీలో మాత్రం ప్లస్ 0.89 ఉంది. కీ తప్పేమో?

లెక్కల_పంతులు: మీరిచ్చిన అంకెలతో మైనస్ 21.43 రాదండీ. 240, 90ల సగటు 165. దాన్ని 1.12తో భాగిస్తే 147.32, అంటే ఎన్‌పీవీ మైనస్ 52.68. ఏదో చెప్పకుండా వదిలేశారు. ఆ 240, 90 ఏ తేదీ నాటి విలువలు?

సీఎంఏ_ఫైనల్: అది చెప్పక్కర్లేదనుకున్నా. మొదటి ఏడాది చివర బాగుంటే 50, లేకపోతే 20 చేతికొస్తుంది. 240, 90 అనేవి 2వ ఏడాది నుంచి వచ్చే డబ్బుకి మొదటి ఏడాది చివరి నాటి విలువ. అమ్మడం కూడా అప్పుడే.

ఫణి_ఎక్సెల్: సగటు ముందే తీశావు. MAX కొమ్మ లోపల పెట్టు.

సీఎంఏ_ఫైనల్: అంటే?

లెక్కల_పంతులు: మీ షీటులో ఇలా ఉండి ఉంటుంది:

```
=-200+(0.5*50+0.5*20+MAX(0.5*240+0.5*90,140))/1.12
```

165 కంటే 140 తక్కువ కాబట్టి అమ్మకం ఎప్పటికీ ఎంపిక కాదు. అందుకే ఆప్షన్ ఉన్నా లేకపోయినా ఒకే జవాబు. కానీ అమ్మాలా వద్దా అని తేల్చుకునేది గిరాకీ ఎలా ఉందో తెలిశాక. అప్పటికి మీరు ఏదో ఒక కొమ్మ మీద ఉంటారు, సగటు మీద కాదు. చెట్టుని కుడి చివర నుంచి ఎడమకి లెక్కేయండి:

```
=-200+(0.5*(50+MAX(240,140))+0.5*(20+MAX(90,140)))/1.12
```

బాగున్న కొమ్మలో నడిపిస్తారు, 290. బాగోలేని కొమ్మలో అమ్మేస్తారు, 20 కలిపి 160. సగటు 225, ఈనాటి విలువ 200.89. ఆప్షన్ విలువ 22.32. అమ్మితే 90 వదులుకుంటున్నారు కాబట్టి లాభం 140 కాదు, 50 మాత్రమే. అందులో సగాన్ని 1.12తో భాగించినా అదే 22.32 వస్తుంది, సరిచూసుకోండి.

ఆడిట్_అన్న: సాల్వేజ్ వాల్యూని ప్రాజెక్టు ఆఖరి ఏడాదిలో కదా కలపాలి? మొదటి ఏడాదిలో ఎలా వేస్తారు?

లెక్కల_పంతులు: అది ఆయుష్షు తీరాక వచ్చే తుక్కు ధర, దాన్ని ఆఖర్లో కలపడం సరే. ఇది మధ్యలోనే దుకాణం కట్టేస్తే వచ్చే ధర.

ఆడిట్_అన్న: మా పుస్తకంలో రెండింటికీ ఒకే పేరు ఉంది మరి.

డెరివేటివ్స్_పిచ్చి: అసలు ఈ కొమ్మలన్నింటినీ ఒకే 12 శాతంతో డిస్కౌంట్ చేయడమే తప్పు. అమ్మే ఆప్షన్ చెడ్డ కాలంలో డబ్బిస్తుంది, అది బీమా లాంటిది. ఆప్షన్ లేని ప్రాజెక్టు ఈనాటి విలువ 178.57. రిస్కు లేని రేటు 7 శాతం అనుకుంటే, మంచి కొమ్మకి రిస్క్ న్యూట్రల్ సంభావ్యత 0.45 వస్తుంది. ఆ లెక్కన అమ్మే ఆప్షన్ విలువ 22.32 కాదు, దాదాపు 25.7. విస్తరణ ఆప్షన్ దీనికి తిరగబడుతుంది. మంచి కొమ్మలో ఇంకో 100 పెడితే 130 విలువ వస్తుందనుకోండి, 12 శాతంతో 13.39, సరైన పద్ధతిలో 12.6.

ఫణి_ఎక్సెల్: పరీక్షలో అడిగింది చెట్టు. చెట్టే వేయనీ.

డెరివేటివ్స్_పిచ్చి: పరీక్షలో అడగలేదని తప్పు ఒప్పయిపోదు.

కోళ్ళఫారం_సిద్దిపేట: మా షెడ్డుకి ఐదేళ్ల లీజు, మధ్యలో వదిలేస్తే మిగిలిన అద్దె మొత్తం కట్టాలని రాసుకున్నాం. ఈ లెక్క మాకూ పనికొస్తుందా?

లెక్కల_పంతులు: వస్తుంది. ముందు ఆ కట్టాల్సిన అద్దెని అమ్మకం ధరలోంచి తీసేయండి. అలా తీశాక మిగిలేది, చెడ్డ కొమ్మలో నడిపిస్తే వచ్చే విలువకంటే తక్కువైతే, కాగితం మీద ఆప్షన్ ఉన్నా దాని విలువ సున్నా.

కోల్డ్ స్టోరేజీ లెక్కలోనూ ఆ 140 మీదే నాకు అనుమానం. 138 వస్తే ఎన్‌పీవీ సరిగ్గా సున్నా. అంతకంటే తగ్గితే ప్రాజెక్టు మళ్ళీ మైనస్. పైగా మిర్చికి గిరాకీ పడిపోయిన ఏడాదే మీరు అమ్మకానికి పెడతారు. ఆ ఏడాది చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలవాళ్ళూ అదే పరిస్థితిలో ఉంటారు, కొనేవాడు బేరం గట్టిగా ఆడతాడు. 140 అనేది ఈరోజు అడిగిన ధరైతే, చెడ్డ కొమ్మలో దాన్ని తగ్గించి వేసి చూడండి.

ఆడిట్_అన్న: ఆ 140 పన్ను కట్టకముందా, కట్టాకా?

సీఎంఏ_ఫైనల్: 0.89 వచ్చింది, థ్యాంక్సండీ. పన్ను సంగతి ప్రశ్నలో లేదు.

ఆడిట్_అన్న: లేకపోతే ఎలా? బ్లాక్‌లో మిగిలిన డబ్ల్యూడీవీ ఎంతో తెలియకుండా…