3000 ఈమెయిళ్లా, 40 కంపెనీలా? ముందు ఏది?

వినోద్: సర్వీస్ టెక్నీషియన్లు రోజూ ఎక్కడికి వెళ్లాలో షెడ్యూల్ చేసే సాఫ్ట్‌వేర్ మాది. తొమ్మిది మంది కస్టమర్లు ఉన్నారు. 3000 ఈమెయిళ్ల లిస్ట్ కొందామని నా పార్ట్‌నర్ అంటున్నాడు. ముందు ఎవరికి అమ్మాలో తేల్చుకుని 40 కంపెనీలు చాలని నేనంటున్నాను. ఎవరిది సరైన దారి?

కిరణ్: మీ పార్ట్‌నర్ వైపే నా ఓటు. నూటికి ఐదుగురు జవాబిచ్చే మంచి లిస్టే అనుకుందాం. అయినా 40 మందికి పంపితే ఒక్క జవాబూ రాకపోయే అవకాశం దాదాపు 13 శాతం ఉంటుంది. అప్పుడు తప్పు లిస్ట్‌దా, మెయిల్‌దా, అదృష్టానిదా మీకెలా తెలుస్తుంది? అందరికీ పంపండి. ఎవరు జవాబిస్తే వాళ్లే మీ కస్టమర్లు.

భాస్కర్: నేను లోగోలు డిజైన్ చేస్తాను. మెయిల్ సబ్జెక్ట్‌లో కంపెనీ పేరు పెడితే ఎక్కువమంది తెరుస్తారా?

పద్మజ: భాస్కర్ గారూ, ఇక్కడి చర్చ మెయిల్ రాయడానికి ముందు పని గురించి. మీది వేరే ప్రశ్నగా పెట్టండి, అక్కడ మాట్లాడదాం.

కిరణ్ గారి లెక్క సరైనదే. కానీ కొన్న లిస్ట్‌లో చాలా చిరునామాలు పాతవై ఉంటాయి. వాటికి పంపిన మెయిళ్లు తిరిగొస్తే, చేరినవాటిని జనం స్పామ్ అని నొక్కితే, మీ డొమైన్‌కు చెడ్డపేరు వస్తుంది. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదని జీమెయిల్ చెబుతోంది. ఆ తర్వాత మీరు ఎంత మంచి మెయిల్ రాసినా ఇన్‌బాక్స్‌కు చేరడం కష్టం.

వినోద్ గారూ, ఆ తొమ్మిది మందిలో రోజూ వాడేవాళ్లెవరు? డబ్బు కట్టి పక్కన పెట్టినవాళ్లెవరు?

వినోద్: రోజూ వాడేది నలుగురు. ఇద్దరిది లిఫ్టుల మెయింటెనెన్స్, ఇద్దరిది ఏసీ సర్వీస్. ఒక్కొక్కరి దగ్గర 15 నుంచి 30 మంది టెక్నీషియన్లు. పక్కన పెట్టినవాళ్లలో ముగ్గురి దగ్గర ఐదారుగురే ఉన్నారు. మిగతా ఇద్దరూ పనంతా సబ్‌కాంట్రాక్టర్లకు ఇస్తారు.

పద్మజ: అంటే మీకు సగం జవాబు దొరికినట్టే. అయితే ‘లిఫ్ట్, ఏసీ కంపెనీలు’ అని రాసుకుని ఆగిపోకండి. ఆ నలుగురికీ ఏడాది కాంట్రాక్ట్ ప్రకారం నెలనెలా వెళ్లాల్సిన విజిట్లు ఉంటాయి, మధ్యలో హఠాత్తుగా బ్రేక్‌డౌన్ కాల్స్ వస్తాయి. ఒక్క కాల్ వస్తే ఆ రోజు ప్లాన్ మొత్తం తారుమారవుతుంది. ఐదుగురే ఉంటే ఓనర్ ఫోన్ మీదే సర్దేస్తాడు. ఇరవై మంది ఉంటే సర్దలేడు. మీ సాఫ్ట్‌వేర్ అవసరం పుట్టేది అక్కడే.

ఇక అది బయటి నుంచి ఎలా కనిపిస్తుందో చూడాలి. లింక్డ్‌ఇన్‌లో ఉద్యోగుల సంఖ్య నమ్మకండి, టెక్నీషియన్లలో చాలామందికి అక్కడ ప్రొఫైలే ఉండదు. వెబ్‌సైట్‌లో వార్షిక కాంట్రాక్ట్, 24 గంటల బ్రేక్‌డౌన్ సర్వీస్ రెండూ ఉన్నాయా, రెండు మూడు బ్రాంచీలు ఉన్నాయా చూడండి. అన్నిటికంటే బలమైన ఆధారం, సర్వీస్ కోఆర్డినేటర్ కావాలనే ఉద్యోగ ప్రకటన. షెడ్యూల్ చేసే పని చేయి దాటిపోయిందని వాళ్లే చెబుతున్నట్టు. మెయిల్ కూడా ఓనర్‌కు కాకుండా సర్వీస్ మేనేజర్‌కు వెళ్లాలి.

లిస్ట్‌లో ప్రతి కంపెనీ పక్కన ‘వీళ్లే ఎందుకు, ఇప్పుడే ఎందుకు’ అని ఒక్క వాక్యం రాయండి, చూసిన పేజీ లింక్ పెట్టండి. వాక్యం రాకపోతే ఆ కంపెనీని తీసేయండి. 40కి వెళ్లే ముందు ఒక పది కంపెనీలను మీరు, మీ పార్ట్‌నర్ విడివిడిగా చూసి ‘సరిపోతుంది, సరిపోదు’ అని గుర్తు పెట్టండి. మూడు నాలుగు చోట్ల తేడా వస్తే మీ నిర్వచనం ఇంకా వదులుగా ఉన్నట్టే.

కిరణ్: ఒప్పుకుంటాను, కొన్న లిస్ట్ ప్రమాదమే. కానీ ఒకటి అడుగుతాను వినోద్ గారూ, ఆ నలుగురూ మీకెలా దొరికారు?

వినోద్: ముగ్గురు తెలిసినవాళ్ల ద్వారా వచ్చారు.

కిరణ్: చూశారా! అది మీ పరిచయాల ప్రొఫైల్, మార్కెట్‌ది కాదు. వేరే రంగంలో ఇంకా మంచి కస్టమర్లు ఉండొచ్చు.

పద్మజ: ఇది గట్టి అభ్యంతరమే. అందుకే 40లో పది చోట్లు వేరే రంగాలకు వదలండి. కాంట్రాక్ట్ విజిట్లు, బ్రేక్‌డౌన్లు రెండూ ఉండాలి. ఉదాహరణకు జనరేటర్ సర్వీస్, ఆస్పత్రి పరికరాల రిపేరు. జవాబులు లెక్కపెట్టడం కాదు, చదవండి. ‘మా దగ్గర కాంట్రాక్టులే లేవు’ అని వస్తే తప్పు లిస్ట్‌ది. ‘సమస్య ఉంది, ఇప్పుడు తీరిక లేదు’ అని వస్తే లిస్ట్ సరైనదే.

కిరణ్: పది మందితో ఒక రంగం పనికొస్తుందో లేదో తేల్చలేమన్న నా మాట మీదే ఉంటాను. కనీసం వంద కావాలి, అవి కూడా చేత్తో ఏరినవే.

వినోద్: చేత్తో వంద ఏరాలంటే మా ఇద్దరికీ చాలా వారాలు పడుతుంది. ఈ రాత్రికి మొదటి పదీ విడివిడిగా గుర్తు పెట్టి, ఎక్కడ తేడా వచ్చిందో రేపు ఇక్కడ రాస్తాను.