3.6 నుంచి 6 లక్షలు అని రాసి ఫోన్‌లో 4.2 అన్నారు, చేతికి ఎంత?

సాయి_ఫ్రెషర్: మాదాపూర్‌లో ఒక స్టార్టప్ ప్రకటన ఇది. 'జూనియర్ బ్యాకెండ్ డెవలపర్, ఫ్రెషర్లు మాత్రమే, పైథాన్ వచ్చి ఉండాలి. సీటీసీ ఏడాదికి 3.6–6 లక్షలు. మొదటి 6 నెలలు ట్రైనింగ్, స్టైపెండ్ 15,000. 2 ఏళ్ల బాండ్. రెజ్యూమె, గిట్‌హబ్ లింక్ మెయిల్ చేయండి.' టీమ్ 11 మంది. నాకు 4.2 అన్నారు. చేతికి ఎంత వస్తుంది? బాండ్ మీద సంతకం పెట్టొచ్చా?

కూకట్‌పల్లి_కుర్రాడు: 35 వేలు బ్రో. అమీర్‌పేటలో కోర్సు చేసి నెలల తరబడి ఖాళీగా ఉన్నాను నేను, కళ్లు మూసుకుని చేరిపో.

పల్లవి_పేరోల్: 35 రాదు సాయి. నేను పదేళ్లుగా జీతాల షీట్లు వేస్తున్నాను, మామూలుగా ఇలా ఉంటుంది. 4.2లో 10 శాతం వేరియబుల్ అంటారు, ఆ 42,000 ఏడాది చివర ఇస్తే ఇస్తారు. బేసిక్ 17,500 అనుకుంటే కంపెనీ కట్టే పీఎఫ్ నెలకు 1,800, అదీ మన సీటీసీలోంచే. గ్రాట్యుటీ పేరుతో ఇంకో పది వేలు లెక్కేస్తారు, అది మామూలుగా అయిదేళ్లు ఉంటేనే చేతికొచ్చేది. మిగిలింది నెలకు 28,850 చిల్లర. అందులో మీ వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోతే 26,850. ఇదీ ఏడో నెల నుంచే. మొదటి ఆరు నెలలు 15 వేలే కాబట్టి మొదటి ఏడాది మీరు చూసేది సుమారు రెండున్నర లక్షలు. ఇంకోటి, 20 మంది లేని సంస్థకు పీఎఫ్ తప్పనిసరి కాదు, ఇష్టమైతే నమోదు చేసుకోవచ్చు. 11 మందే అన్నారు కాబట్టి నమోదు అయిందా అని అడగండి. అవ్వకపోతే పీఎఫ్ పేరుతో కోయడానికి వీల్లేదు.

చిన్నకంపెనీ_ఓనర్: పల్లవి గారూ, వేరియబుల్ ఉందని ప్రకటనలో ఎక్కడుంది? లేనిది ఊహించి పిల్లాణ్ణి భయపెడుతున్నారు.

పల్లవి_పేరోల్: లేదనీ రాయలేదుగా అండీ. అడగమనే చెప్తున్నాను.

చిన్నకంపెనీ_ఓనర్: అదే నేనూ అంటున్నది, రాయనిదాన్ని లెక్కలో వేయకూడదు. వేరియబుల్ తీసేస్తే 30 వేలు దాటుతుంది.

పల్లవి_పేరోల్: దాటుతుంది, ఒప్పుకుంటాను. ఆరు నెలల 15 వేలు మాత్రం రాసే ఉంది.

లా_పాయింట్: బాండ్ గురించి టెన్షన్ వద్దు. 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 ప్రకారం బాండ్‌లేవీ చెల్లవు. సంతకం పెట్టు, నచ్చకపోతే వెళ్లిపో.

పల్లవి_పేరోల్: ఇది నమ్మి ఇరుక్కోవద్దు సాయి. సెక్షన్ 27 ప్రధానంగా ఆపేది మానేశాక ఇంకోచోట పని చేయొద్దనే షరతును. ఉద్యోగంలో ఉన్నంతకాలానికి పెట్టిన బాండ్ వేరు. 2025 మేలో విజయా బ్యాంక్ కేసులో మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందనే సుప్రీంకోర్టు చెప్పింది. అయితే అది ప్రభుత్వ బ్యాంకు, మళ్లీ నియామకం జరపాలంటే దాని ఖర్చు, తతంగం వేరు. చిన్న ప్రైవేటు కంపెనీ అయితే రాసుకున్న అంకె మొత్తం ఆటోమేటిగ్గా రాదు, సమంజసమైన పరిహారమే. ఎంత రాశారో చూడకుండా చెల్లుతుందనీ చెల్లదనీ చెప్పలేం.

గుంటూరు_గోపి: తమ్ముడూ, బదులు ఎంటెక్ చేస్తే మంచి ప్యాకేజీ వస్తుంది.

చిన్నకంపెనీ_ఓనర్: అందరూ బాండ్‌ని తిడతారు. నిరుడు ఇద్దరిని తీసుకున్నాను, గిట్‌లో బ్రాంచ్ ఎలా చేయాలో కూడా తెలీదు. అయిదు నెలలు మా సీనియర్ తన పని మానుకుని కూర్చోబెట్టి నేర్పితే ఒక సోమవారం ఇద్దరూ ఫోన్ స్విచాఫ్. లాప్‌టాప్ కొరియర్‌లో వచ్చింది. ఆ నష్టం ఎవరు కట్టాలి? మీ షీట్లో దానికి కాలమ్ ఉందా?

కూకట్‌పల్లి_కుర్రాడు: 15 వేలు ఇస్తే ఫోన్ స్విచాఫ్ కాకుండా ఏమవుద్ది సార్

చిన్నకంపెనీ_ఓనర్: 3.6 అని మాత్రమే రాస్తే మంచివాళ్లు అప్లై చేయరు, అందుకే 6 అని కూడా రాస్తాం. అందరూ చేసేదే.

పల్లవి_పేరోల్: ఇప్పుడు అసలు మాట వచ్చింది. మీ దగ్గర ఆరు ఎవరికైనా ఇచ్చారా?

చిన్నకంపెనీ_ఓనర్: ఇవ్వాల్సినవాడు వస్తే ఇస్తాను.

పల్లవి_పేరోల్: అంటే ఇవ్వలేదు. నాకు బాండ్‌తో గొడవ లేదండీ. నిజంగా నేర్పితే ఆ ఖర్చు అడగండి. కానీ క్లయింట్ పని చేయించుకుంటూ దాన్ని ట్రైనింగ్ అనడం, మళ్లీ అదే ట్రైనింగ్‌కి బాండ్ అడగడం, ఒక్క ఆవుని రెండుసార్లు పితకడమే. సాయి, ఆ ఆరు నెలలు ఎవరు నేర్పుతారో, ఏ వారం నుంచి లైవ్ పని ఇస్తారో అడగండి.

సాయి_ఫ్రెషర్: ఇప్పుడే అడిగాను. రెండో వారం నుంచి క్లయింట్ టికెట్లట. వేరియబుల్ ఉందట, ఎంతో చెప్పలేదు. బాండ్ కాపీ ముందే మెయిల్ చేయమంటే జాయినింగ్ రోజు ఇస్తామన్నారు.

లా_పాయింట్: నేను చెప్పిందే కరెక్ట్, సంతకం పెట్టు.

చిన్నకంపెనీ_ఓనర్: బాండ్ కాపీ మేమైతే ఆఫర్ లెటర్‌తో పాటే పంపిస్తాం. అందరినీ ఒకే గాటన కట్టకండి.