తిరగరాసిన మెసేజ్‌ను అందుకునేవారిలా పైకి చదివితే కటువుదనం దొరుకుతుందా?

కొబ్బరాకు: అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ బాకీ గురించి ఒక పెద్దాయనకు వాట్సాప్‌లో రాసింది రెండుసార్లు మార్చాను. ఆయన చదివినట్టు పైకి చదివి చూడమంటున్నారు. రాసింది నేనే కదా, తేడా నాకు తెలుస్తుందా?
"నమస్కారం. మీ ఫ్లాట్ మెయింటెనెన్స్ మూడు నెలలుగా చెల్లించబడలేదు. పోయిన వారమే చెప్పాం కదా. ఇప్పటికైనా చెల్లించగలరు."

గోరింట: "గారు", "దయచేసి" చేర్చండి, సరిపోతుంది. పైకి చదవడం దేనికి?

పచ్చసిరా: "గారు" లాంటి మర్యాద మాట ఉండాల్సిందే. కానీ "దయచేసి ఇప్పటికైనా చెల్లించగలరు" అని ఒకసారి అని చూడండి, దెప్పు ఇంకా పెరిగింది. ఇన్నాళ్లూ ఎగ్గొట్టారనే మాట "ఇప్పటికైనా"లోనే ఉంది.

కొబ్బరాకు గారూ, మీ గొంతుతో చదివితే ఏమీ దొరకదు. మీ మనసులోని మెత్తదనం గొంతులోకి వచ్చేస్తుంది. అందుకని "మీ ఫ్లాట్"ను "నా ఫ్లాట్" చేసుకుని, ఒక్కో వాక్యం దగ్గర ఆగి, నోటికొచ్చిన జవాబు పైకి అనేయండి. "పోయిన వారమే చెప్పాం కదా" అనగానే "చెప్తే? నేనేమన్నా పారిపోతున్నానా?" అని వస్తుంది. ఎక్కడ ఎదురుమాట పుట్టిందో అక్కడే దిద్దాలి. ఇక్కడ తప్పు "వారమే"లోని ఏకారానిది, దాని పక్కనున్న "కదా"ది. "కదా"ను ఒకసారి సాగదీసి, ఒకసారి తుంచి అనండి. రెండింట్లో ఒకటి గుచ్చుకున్నా తీసేయండి, ఆయన ఏ స్వరంతో చదువుతారో మన చేతిలో లేదు.

"చెల్లించబడలేదు" దగ్గర ఇబ్బంది వేరు. ఎదుటి మనిషితో అలా ఎవరూ అనరు, గోడకు అంటించిన నోటీసులా ఉంటుంది. నేనైతే ఇలా రాస్తాను:
"నమస్కారం అండి. మే, జూన్, జూలై మెయింటెనెన్స్ మీ ఫ్లాట్ నుంచి ఇంకా రాలేదు. కట్టేసి ఉంటే రసీదు ఫోటో పెట్టండి, లెక్క సరిచేస్తాం. లేకపోతే పదో తారీఖులోగా వేయగలరా?"

తాటిముంజ: ఆఫీసు మెయిళ్లు నేనూ పైకి చదువుతాను. ఎగిరిపోయిన అక్షరాలు, అచ్చుతప్పులు బాగా దొరుకుతాయి.

పచ్చసిరా: దానికి నెమ్మదిగా, అక్షరం అక్షరం చదవాలి. అలా చదివితే స్వరం పోతుంది. దీనికి మాట్లాడే వేగం కావాలి. రెండూ ఒకే చదువులో కుదరవు.

గోరింట: మీరు రాసినదాంట్లో "ఇంకా రాలేదు" ఉంది. నాకు అదీ గుచ్చుకుంది.

పచ్చసిరా: వెంటనే "కట్టేసి ఉంటే" వస్తోంది కాబట్టి గుచ్చుకోదనుకున్నాను. కానీ నోటిఫికేషన్‌లో ఆ వాక్యం కనిపించకపోవచ్చు. "ఇంకా" తీసేసినా అర్థం చెడదు, తీసేయండి.

కొబ్బరాకు: నా జవాబులన్నీ "సరే, కడతాను" అనే వస్తున్నాయి. మా ఇంట్లోవాళ్ల చేత చదివించాను. వాళ్లు "వేయగలరా" దగ్గర కూడా ఆగారు, "వేస్తారా" అంటే మేలంటున్నారు.

గోరింట: పెద్దాయనకు "వేస్తారా" చనువుగా ఉంటుందండీ.

పచ్చసిరా: అది ఆయనతో మీకున్న పరిచయాన్ని బట్టి. నేనైతే "వేయగలరా" ఉంచేస్తాను.