అప్‌డేట్: రోలర్ కాదు, కాగితమే

నేను అడిగింది: లేజర్ ప్రింటర్‌లో పది పేజీలకోసారి పేపర్ ఇరుక్కుంటోంది, రోలర్ మార్చాలా?

మార్చలేదండి. స్విచ్ ఆపి, ట్రే లాగి, పికప్ రోలర్‌ని కాస్త తడిపిన గుడ్డతో తుడిస్తే గుడ్డంతా తెల్లటి పేపర్ పొడి. దాంతో కాగితం లోపలికి లాగకపోవడం తగ్గింది గానీ, వెనక ఇంకుపొడిని వేడితో కాగితానికి అంటించే ఫ్యూజర్ దగ్గర ఇరుక్కోవడం అలాగే ఉంది. చూస్తే బయటికొచ్చిన ప్రతి షీటూ అప్పడంలా వంకర తిరిగింది! మాది కాకినాడ, పైగా వానలు, రీమ్ విప్పి కిటికీ పక్కన పెట్టి మూడు వారాలైంది, చెమ్మ పీల్చకేం చేస్తుంది. అదే రకం 75 జీఎస్ఎం కొత్త రీమ్ విప్పి, ట్రేలో గీత దాకా కుక్కకుండా సగమే వేసి, గైడ్లు కాగితాన్ని నొక్కకుండా ఊరికే ఆనేలా జరిపాను. నిన్న 120 పేజీలు ఒక్క జామ్ లేకుండా వచ్చాయి. మిగతా రీమ్ ఇప్పుడు జిప్ కవర్లో ఉంది, పాత కాగితాలు మా వాడి లెక్కల రఫ్‌కి పోయాయి.