మా మామ్మ ఫోన్లో భక్తి పాటలు, జాతకం పెట్టించేసుకుంది. మీ ఇంట్లోనూ జరిగిందా?

పర్లాకిమిడి పిల్ల:
మామ్మకి డెబ్బై నాలుగు. బటన్ ఫోన్, ప్రీపెయిడ్ సిమ్. మంగళవారం పదకొండు గంటలకి ఎవరో అమ్మాయి చక్కటి తెలుగులో మాట్లాడిందట. "మామ్మగారూ, రోజూ పొద్దున్నే దేవుడి పాటలు వినిపిస్తాం" అంటే మా మామ్మ ముందు ఆమెది ఏ ఊరో అడిగింది. టెక్కలి అనేసరికి ఇంక ఆగలేదు, వాళ్ల ఇంటిపేరు దాకా వెళ్లిపోయింది. చివర్లో "మెసేజ్ వస్తుంది, 1 అని పంపండి" అంటే పంపేసింది. సాయంత్రం నేను వెళ్తే, "పాటలు కొన్నానే, 49 రూపాయలే" అని సంబరంగా చెప్పింది. బ్యాలెన్స్ చూస్తే 180 ఉండాల్సింది 98 ఉంది. 49 పోతే 131 ఉండాలి కదా? మిగతా 33 ఏమయ్యాయి?

బరంపురం సుబ్బు:
ఓటీపీ అడిగిందా? బ్యాంకు వాళ్లకి వెంటనే ఫోన్ చెయ్యండి. మా బావగారి ఖాతాలోంచి ఇలాగే పోయాయి.

పర్లాకిమిడి పిల్ల:
బ్యాంకు కాదు అన్నయ్యా, ఫోన్ బ్యాలెన్స్.

గుణుపురం రీఛార్జ్ బాబాయ్:
పదేళ్లుగా దుకాణంలో ఇవే చూస్తున్నాను. ఫోన్లో 'సరే' అన్నంత మాత్రాన సర్వీస్ మొదలవకూడదు. కంపెనీ నుంచి విడిగా ఇంకో అనుమతి అడగాలి. టెలికాం కంపెనీలని అదుపు చేసే ట్రాయ్ 2013లో పెట్టిన రూలు ఇది. అందుకే ఆ టెక్కలి అమ్మాయి 1 పంపించుకుంది. మెసేజ్ ఇంగ్లీషులో వచ్చి ఉంటుంది, మామ్మగారు చదవలేదు, అయినా లెక్క ప్రకారం ఒప్పుకున్నట్టే. ఇప్పుడు ఆ సిమ్ నుంచే 155223కి `STOP` అని పంపమ్మా. ఏమేం నడుస్తున్నాయో జాబితా వస్తుంది. ఆ 33 రూపాయల సంగతి అందులోనే తేలుతుంది. పాటలు ఇవాళే పెట్టారు కాబట్టి 24 గంటల్లోపు కస్టమర్ కేర్‌కి చెప్పి 49 వెనక్కి అడుగు. రేపు అడుగుదాంలే అనుకోకు.

జయపురం రమణ:
ఇంత ఎందుకు? 1909కి `START 0` పంపితే అన్నీ ఆగిపోతాయి, డబ్బూ తిరిగొస్తుంది.

గుణుపురం రీఛార్జ్ బాబాయ్:
రమణా, అది రాబోయే ప్రచార కాల్స్ ఆపడానికి. నడుస్తున్న సర్వీస్‌ని అది ముట్టుకోదు. అదీ పంపండి, మంచిదే, కానీ దాన్ని నమ్ముకుని కూర్చుంటే రోజూ కోత పడుతూనే ఉంటుంది.

పర్లాకిమిడి పిల్ల:
పంపాను. జాబితాలో రెండున్నాయి! పాటలు ఒకటి, జాతకం ఇంకోటి. జాతకానికి రోజుకి రూపాయి. గత నెలలో పెట్టారట. ముప్పై మూడు రోజులకి ముప్పై మూడు. రూపాయి తగ్గితే ఎవరు చూస్తారు? మామ్మని అడిగితే, "ఆ, వృషభ రాశి అని ఎవరో అడిగారే" అంది. రెండూ ఆపేశాను. రాత్రి ఎనిమిదికి కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు పెట్టించి, నంబరు రాసుకున్నాను.

జయపురం రమణ:
ఒడియాలో మాట్లాడాల్సి వచ్చిందా? నాకు ఎప్పుడూ అదే గొడవ. నేను తెలుగు, వాళ్లు హిందీ.

పర్లాకిమిడి పిల్ల:
మా మామ్మే ఒడియాలో మాట్లాడింది. "నేను ఒప్పుకున్నాను, ఇప్పుడు వద్దంటున్నాను" అని. బాధితురాలే అలా అనేస్తే నేనేం వాదించను?

గుణుపురం రీఛార్జ్ బాబాయ్:
పర్వాలేదు, గడువులో అడిగారు. ఇంకో మాట. ఇలాంటి సర్వీసులకి కోసేది మెయిన్ బ్యాలెన్స్‌లోంచే. నెల ప్యాక్ ఒకటే వేసి, మెయిన్‌లో ఏమీ ఉంచకపోతే కోయడానికి ఏమీ దొరకదు. ముసలివాళ్ల సిమ్ములకి నేను అలాగే వేస్తాను. జాతకం ఎప్పటి నుంచో కచ్చితంగా తేల్చుకోవాలంటే ప్రీపెయిడ్‌కి కూడా వాడకం వివరాలు అడగొచ్చు, 50 రూపాయలకి మించి తీసుకోకూడదు.

బరంపురం సుబ్బు:
33 కోసం 50 పెట్టాలా?

గుణుపురం రీఛార్జ్ బాబాయ్:
అదే మరి. అందుకే చాలామంది వదిలేస్తారు.

పర్లాకిమిడి పిల్ల:
అప్‌డేట్: గురువారం 49 తిరిగొచ్చింది. జాతకం 33కి మాత్రం "మీ అనుమతి రికార్డులో ఉంది" అని ఫిర్యాదు మూసేశారు. అప్పీలు పెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. మెమరీ కార్డులో పాటలు వేయించి ఇచ్చాను.

ఇవాళ టెక్కలి అమ్మాయి మళ్లీ ఫోన్ చేసింది. నేను తీసుకునేలోపే మామ్మ అందుకుంది. "పాటలొద్దమ్మా, మా మనవరాలు కోప్పడింది. నీకు పెళ్లయిందా?" అని అడుగుతోంది.