కెలాగ్స్ 1994 కేసు: "లిస్టు రాశావు, విశ్లేషణ ఏదీ?" అన్నారు

సెకండ్_సెమ్_సుధ
మార్కెటింగ్ పేపర్‌కి కేస్ స్టడీ ఇచ్చారు: 1994లో వచ్చిన కెలాగ్స్ కార్న్ ఫ్లేక్స్ మన దేశంలో ఎందుకు తడబడిందో 2500 పదాల్లో రాయాలి. వేడిపాలు, ధర, ఇడ్లీ-పరాఠా అలవాటు, ప్రకటనలు అన్నీ రాశాను. మేడం పై మాట అని తిప్పి పంపారు. ప్రధాన కారణం ఒకటే తేల్చాలట. ఎలా తేల్చాలి? స్వాట్ పట్టిక పెట్టాలా? అనుబంధంలో ఏం ఉండాలి?

బెజవాడ_బాబు
పెస్టెల్ పెట్టండి, మార్కులు గ్యారంటీ.

ధరల_దొర
ఇందులో తేల్చేదేముంది? ధరే. మోహన్ మీకిన్ వాళ్ల కార్న్ ఫ్లేక్స్ అప్పటికే తక్కువకి దొరికేవి. మధ్యతరగతి ఇంట్లో అంత ఖరీదైన టిఫిన్ ఎవరు తింటారు? మిగతాదంతా కథలు.

ఎఫ్‌ఎంసీజీ_పాతకాపు
దొరగారూ, ధర మొదటి ప్యాకెట్‌నే ఆపి ఉంటే మొదట్లో అమ్మకాలు లేచేవే కావు. లేచి తర్వాత పడ్డాయి. అంటే కొన్నవాళ్లే మళ్లీ కొనలేదు. సుధగారూ, ముందు ఈ రెండింటినీ విడదీయండి: ఎంతమంది ఒకసారి కొన్నారు, వాళ్లలో ఎంతమంది రెండోసారి కొన్నారు.

ఊహా లెక్క చూడండి. నెలకి 1000 కొత్త ఇళ్లు ఒక్కో ప్యాకెట్ కొంటున్నాయి, వాటిలో 100 మాత్రమే మళ్లీ కొంటున్నాయి. కొత్త ఊళ్లు కలుస్తున్నంత కాలం అమ్మకాలు బాగానే కనిపిస్తాయి. ఊళ్లు అయిపోగానే జారిపోతాయి. పైగా డీలర్లూ షాపులూ అల్మరాలు నింపుకున్న సరుకు కూడా మొదట్లో అమ్మకంలాగే కనిపిస్తుంది. కేసులో ఇచ్చిన అంకె కంపెనీ గేటు దాటిన సరుకుదా, ఇంటికి చేరినదా అన్నది మొదటి పేరాలోనే అడగాలి. చాలామంది దీన్ని చూడరు.

ధరల_దొర
ధర రెండోసారి కూడా ఆపుతుంది కదా సార్! ఏదో ముచ్చటపడి ఒకసారి కొంటారు, నెలనెలా కొనరు. మీ విడదీయడం నా వాదాన్నే నిలబెడుతోంది.

ఎఫ్‌ఎంసీజీ_పాతకాపు
ఈ మాట ఒప్పుకుంటా. అందుకే పరీక్ష కావాలి. ధరే కారణమైతే డబ్బున్న ఇళ్లు మళ్లీ కొనాలి. తినే తీరే కారణమైతే వాళ్లూ కొనరు, ఉచితంగా ఇచ్చిన ప్యాకెట్ తర్వాత కూడా ఆసక్తి పుట్టదు. కేసులో ఆదాయాల వారీగా అంకెలు లేకపోతే లేవని రాసి, ఏ సర్వే చేస్తే తేలుతుందో రాయండి. ఊహించి తేల్చేయడం కంటే దానికే విలువ.

వరంగల్_వనజ
వేడిపాలను మరీ తేలిగ్గ తీసేస్తున్నరు. మనకు పాలు కాచి తాగుడే అలవాటు. వేడిపాలల్ల వేస్తే అటుకులు మెత్తబడి ముద్దయితయ్. చల్లటి పాలల్ల వేస్తే చక్కెర సరిగ్గ కరగదు, తీపి తెల్వది. రెండు దిక్కులా చిక్కే. తర్వాత 1996ల చోకోస్, 1997ల ఫ్రాస్టీస్ తెచ్చిన్రు. ఫ్రాస్టీస్‌ల చక్కెర అటుకు మీదనే ఉంటది. కంపెనీ ఏం అర్థం చేసుకున్నదో దీంతోనే తెలుస్తలేదా?

ఎఫ్‌ఎంసీజీ_పాతకాపు
వనజగారూ, పాయింట్ బాగుంది, కానీ పేపర్లో జాగ్రత్త. కేసు 1995 దగ్గర ఆగితే, "చోకోస్ తేవాలి" అని సిఫారసు చేయడం ఫలితం తెలిశాక జోస్యం చెప్పడమే. ఆ రోజుకి మేనేజర్ చేతిలో ఉన్న సమాచారంతోనే వాదించాలి. 1996 తర్వాతివి చివర్లో వేరే పేరాలో, వాదం నిలిచిందా లేదా చూడటానికి మాత్రమే.

ధరల_దొర
ఫ్రాస్టీస్ తెచ్చారు కాబట్టి పాలే కారణమా? చిన్న ప్యాకెట్లూ తెచ్చారు. అయితే ధరే కారణం అనొచ్చా? కంపెనీ చేసిన ప్రతి పనీ రుజువైపోతుందా?

వరంగల్_వనజ
గట్లయితే మీ ధరకు రుజువేది? ఇప్పటిదాంక ఒక్కటి చూపలే.

డాలస్_రాగిజావ
నేను ఇక్కడ అమెరికాలో రాగి మాల్ట్ లాంచ్ చేద్దామనుకుంటున్నా. చల్లటి పాలలో కలిసేలా చేయాలా? లేబుల్ రూల్స్ ఎవరికైనా తెలుసా?

బెజవాడ_బాబు
అన్నా, ఇది హోంవర్క్ థ్రెడ్.

సెకండ్_సెమ్_సుధ
స్వాట్ సంగతి ఎవరూ చెప్పలేదు. అనుబంధం?

ఎఫ్‌ఎంసీజీ_పాతకాపు
స్వాట్ వద్దు, దాని నాలుగు గళ్లు మళ్లీ లిస్టే అవుతాయి. అనుబంధంలో ఒక్క పట్టిక చాలు. ఎడమవైపు ధర, తినే తీరు, అలవాటు. పక్కన ఆ కారణం నిజమైతే ఏం కనబడాలి. ఆ పక్కన కేసులో ఏం కనబడింది. మూడో గడి ఖాళీగా మిగిలిన కారణాన్ని ప్రధానమని రాయొద్దు. సిఫారసుకి ఖర్చు కూడా వేయండి. ఉత్పత్తి మార్చమంటే ప్లాంట్‌లో చక్కెర పూత వేసే లైను, ధర తగ్గించమంటే ప్యాకెట్‌కి పోయే లాభం.

ధరల_దొర
అలవాటు గడిలో ఏం రాస్తారు? పొద్దున్నే వేడి టిఫిన్ తినేవాళ్లు పాలు ఏ వేడిలో ఉన్నా కొనరు. అప్పుడు మీ పాల వాదమూ పోతుంది, నా ధరా పోతుంది.

వరంగల్_వనజ
మరి పిల్లలు చోకోస్ ఎట్ల తిన్నరు?